ఆలస్యం గీసే వాలుగీత

పుణె నుంచి నాసిక్ వెళ్ళే దారిలో నారాయణ్‌గావ్ దాటి పక్కకు మళ్ళితే ఖోడద్ అనే ఊరు వస్తుంది. ఆ ఊరి చుట్టూ పొలాల మధ్య 45 మీటర్ల వెడల్పున్న పెద్ద పెద్ద డిష్‌లు ఆకాశంలోకి చూస్తూ ఉంటాయి. మొత్తం 30. వాటిలో 14 దాదాపు ఒక చదరపు కిలోమీటరు మేర దగ్గర దగ్గరగా ఉంటే, మిగతా 16 ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో మూడు చేతులుగా బయటికి సాగిపోతాయి. రెండు చివరి డిష్‌ల మధ్య దూరం సుమారు 25 కిలోమీటర్లు. ఇదే జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్, పొట్టిగా జీఎంఆర్‌టీ. గోవింద్ స్వరూప్ నాయకత్వంలో టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కట్టిన టెలిస్కోప్ ఇది.

ఈ 30 డిష్‌లూ కలిసి ఒకే పెద్ద కన్నులా పనిచెయ్యాలి. అలా చెయ్యాలంటే, ఒక నక్షత్ర మండలం నుంచి బయలుదేరిన ఒకే రేడియో అల అన్ని డిష్‌లకూ ఒకేసారి చేరినట్టు లెక్క కుదరాలి. కానీ అల ఒకేసారి చేరదు. ఆకాశంలో ఆ వస్తువు సరిగ్గా నడినెత్తిన ఉంటే తప్ప, ఒక డిష్‌కు ముందు, ఇంకో డిష్‌కు కాస్త తర్వాత అందుతుంది. ఆ కాస్త ఆలస్యాన్ని కనిపెట్టి సరిచెయ్యడానికి అక్కడి ఇంజనీర్లు ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌కున్న రెండు గుణాల మీద ఆధారపడతారు. ఇంజనీరింగ్ పాఠాల్లో ఆ రెంటినీ రెండు సూత్రాలుగా రాసేసి ముందుకు వెళ్ళిపోతుంటారు. ఖోడద్‌లో మాత్రం అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి పనిచేస్తాయి. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్న విషయం మరిచిపోతే అంత పెద్ద టెలిస్కోప్‌కూ ఏమీ కనిపించదు.

గడియారం ముళ్ళు చెప్పే సంగతి

ఫోరియర్ అనే ఫ్రెంచి గణితవేత్త 1822లో వేడి ప్రసారం మీద రాసిన పుస్తకంలోని ఆలోచన ఇది: ఎంత గజిబిజిగా ఉన్న సంకేతాన్నైనా, వేర్వేరు వేగాలతో ఊగే శుద్ధమైన అలల మొత్తంగా విడదీయవచ్చు. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అది ఆ అల ఫ్రీక్వెన్సీ. ఒక్కో అల గురించి రెండే విషయాలు తెలిస్తే చాలు. ఒకటి, దాని బలం ఎంత. రెండు, మనం చూస్తున్న క్షణంలో అది తన ఊపులో ఏ చోట ఉంది. శిఖరం మీదా, లోయలోనా, మధ్యలోనా? ఈ రెండో దాన్ని ఫేజ్ అంటారు. ఒక పూర్తి ఊపు అంటే ఒక పూర్తి చుట్టు, అంటే 360 డిగ్రీలు కాబట్టి ఫేజ్‌ను డిగ్రీల్లో చెబుతారు.

ఇప్పుడు ఆ సంకేతం మొత్తాన్ని కాస్త ఆలస్యం చేశామనుకుందాం. అందులో ఏ అల బలమూ మారదు. ఏ అలా కొత్తగా పుట్టదు, ఏదీ మాయం కాదు. మారేది ఫేజ్ ఒక్కటే. అయితే అన్ని అలలకూ ఫేజ్ ఒకేలా మారదు.

గోడ గడియారాన్ని చూడండి. సరిగ్గా నడిచే గడియారం ఒకటి, పది సెకన్లు వెనకబడిన గడియారం ఒకటి పక్కపక్కన ఉన్నాయి. రెండింటి మధ్య ఆలస్యం ఒక్కటే, పది సెకన్లు. కానీ సెకన్ల ముల్లు 60 డిగ్రీలు వెనక ఉంటుంది. నిమిషాల ముల్లు ఒకే ఒక్క డిగ్రీ వెనక ఉంటుంది. గంటల ముల్లు వెనకబాటు డిగ్రీలో పన్నెండో వంతు. కంటికి ఆనదు. వేగంగా తిరిగే ముల్లు అదే పది సెకన్లలో ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి ఎక్కువ వెనకబడింది. ముల్లు వేగం ఒక వైపు, అది వెనకబడిన డిగ్రీలు ఇంకో వైపు వేసి గ్రాఫ్ గీస్తే మూడు చుక్కలూ ఒకే సరళరేఖ మీద పడతాయి.

ఆలస్యం గుణమంటే ఇంతే. సెకనుకు f సార్లు ఊగే అల, τ సెకన్ల ఆలస్యంలో f × τ చుట్లు వెనక్కి తిరుగుతుంది. సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది:

x(t − τ) ↔ X(f) · e^(−i2πfτ)

ఎడమవైపు ఆలస్యమైన సంకేతం. కుడివైపు, దాని ఫోరియర్ రూపం. X(f) అనేది అసలు సంకేతం రూపం. దాన్ని గుణిస్తున్న భాగం పరిమాణం ఎప్పుడూ ఒకటే, కాబట్టి బలం మీద దాని ప్రభావం లేదు. అది కేవలం తిప్పుతుంది. ఎంత తిప్పుతుందన్నది ఫ్రీక్వెన్సీకి అనుపాతంలో ఉంటుంది. అందుకే దీన్ని లీనియర్ ఫేజ్ అంటారు. ఫ్రీక్వెన్సీ అడ్డంగా, ఫేజ్ నిలువుగా వేసిన గ్రాఫ్‌లో అది ఒక వాలుగీత. ఆ గీత ఎంత వాలిందో చూస్తే ఆలస్యం ఎంతో తెలిసిపోతుంది. మిగతా కథంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ఒక కిలోమీటరు, ముప్ఫై డిగ్రీలు

జీఎంఆర్‌టీలో తూర్పు పడమరలుగా ఒక కిలోమీటరు ఎడంలో ఉన్న రెండు డిష్‌లను తీసుకుని లెక్క వేద్దాం. అవి చూస్తున్న వస్తువు నడినెత్తి నుంచి ఒక పక్కకు 30 డిగ్రీలు వాలి ఉంది. అప్పుడు దూరంగా ఉన్న డిష్‌ను చేరడానికి అల అదనంగా ప్రయాణించాల్సింది 1000 మీటర్లలో సగం, 500 మీటర్లు. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. అంటే ఆలస్యం 1.667 మైక్రోసెకన్లు. సెకనులో పది లక్షల వంతు మైక్రోసెకను. అలాంటివి ఒకటిన్నర దాటి కొంచెం.

వినడానికి చాలా చిన్నది. కానీ 610 మెగాహెర్ట్జ్ దగ్గర అల సెకనుకు 61 కోట్ల సార్లు ఊగుతుంది. ఆ 1.667 మైక్రోసెకన్లలో అది 1016 పూర్తి చుట్లు తిరిగి, ఇంకా మూడింట రెండు వంతుల చుట్టు ముందుకు పోతుంది. 642 మెగాహెర్ట్జ్ దగ్గర అల సరిగ్గా 1070 చుట్లు తిరుగుతుంది. మధ్యనున్న 32 మెగాహెర్ట్జ్ పట్టీ మీద రెండు డిష్‌ల ఫేజ్ తేడా 53 చుట్లకు పైగా మారిపోయిందన్న మాట. ఇంకోలా చెబితే, ప్రతి 600 కిలోహెర్ట్జ్‌కు ఒక పూర్తి చుట్టు. ఈ 600 కిలోహెర్ట్జ్ ఎక్కడిదో కాదు, ఒకటిని 1.667 మైక్రోసెకన్లతో భాగిస్తే వచ్చేదే.

ఇక్కడొక సందేహం రావాలి. ఆకాశం నుంచి వచ్చేది పాట కాదు, మాట కాదు. రేడియోలో స్టేషన్ లేని చోట వినిపించే సుయ్‌మనే రొద లాంటిదే. అందులో ఒక్కో ఫ్రీక్వెన్సీ ఫేజ్ ప్రతి క్షణం ఇష్టం వచ్చినట్టు మారిపోతూ ఉంటుంది. అలాంటి దానిలో నిలకడైన వాలుగీత ఎక్కడ దొరుకుతుంది? దొరుకుతుంది. ఎందుకంటే రెండు డిష్‌లకూ అందేది ఒకే రొద. మొదటి డిష్‌లో ఫేజ్ ఎంత ఇష్టారాజ్యంగా ఉన్నా, రెండో డిష్‌లోనూ అదే ఫేజ్ ఉంటుంది, ఆలస్యం వల్ల కలిగిన తిప్పుడు మాత్రం అదనం. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి తేడా తీస్తే రొద కొట్టుకుపోతుంది, వాలుగీత మిగులుతుంది. ఈ పని చేసే యంత్రాన్ని కోరిలేటర్ అంటారు. ప్రతి జత డిష్‌ల సంకేతాలనూ ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టి, ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర రెంటినీ గుణించి, సగటు తీయడం దాని పని.

సగటు అన్న చోటే ప్రమాదం ఉంది. పట్టీ అంతటినీ కలిపి సగటు తీస్తే, 53 చుట్లు తిరిగిన ఫేజ్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పైకి చూసే బాణాలూ కిందికి చూసే బాణాలూ కలిపితే ఏమీ మిగలనట్టే. రెండు డిష్‌లూ నిక్షేపంగా పనిచేస్తున్నా ఫలితం దాదాపు సున్నా. కాబట్టి ఆలస్యాన్ని ముందే సరిదిద్దాలి.

గుణకారంతో జరిగే పట్టీ

సరిదిద్దే పనికి ముందు ఇంకో పని జరుగుతుంది. 610 మెగాహెర్ట్జ్ దగ్గరున్న సంకేతాన్ని ఉన్నదున్నట్టుగా అంకెలుగా మార్చి నిల్వ చెయ్యడం బరువైన పని. మనకు కావలసింది 32 మెగాహెర్ట్జ్ వెడల్పే కాబట్టి ఆ పట్టీని కిందికి, సున్నా దగ్గరికి దించితే సరిపోతుంది. దాన్ని దించే ఉపాయమే రెండో గుణం, మాడ్యులేషన్.

ఈ గుణం తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏళ్ళ తరబడి మోగింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వినిపించేది. అనౌన్సర్ గొంతులో ఉన్నది మహా అయితే కొన్ని వేల హెర్ట్జ్. ఆ గొంతు 837 దగ్గరికి ఎలా ఎక్కింది? స్టేషన్‌లో ఆ గొంతు సంకేతాన్ని, సెకనుకు 8 లక్షల 37 వేల సార్లు ఊగే అలతో గుణించారు. గుణించగానే గొంతులోని ప్రతి ఫ్రీక్వెన్సీ 837 చుట్టూ సర్దుకుంటుంది. 1 కిలోహెర్ట్జ్ ధ్వని 838 దగ్గర ఒకటి, 836 దగ్గర ఒకటి, రెండు ప్రతులుగా కనిపిస్తుంది. మీ ఇంట్లో రేడియో అదే పనిని తిరగేసి చేసి, ఆ పట్టీని మళ్ళీ కిందికి దించి మీకు వినిపించింది. సూత్రం ఇది:

x(t) · e^(i2πf₀t) ↔ X(f − f₀)

దీన్ని మొదటి సూత్రం పక్కన పెట్టి చూడండి. అక్కడ కాలంలో జరిపితే ఫ్రీక్వెన్సీ వైపు తిరుగుడు వచ్చింది. ఇక్కడ కాలంలో తిప్పితే ఫ్రీక్వెన్సీ వైపు జరుగుడు వచ్చింది. ఒక వైపు జరగడం, ఇంకో వైపు తిరగడంగా కనిపిస్తుంది. ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ రెండు దిక్కులా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టే ఈ రెండు గుణాలూ ఒకదానికొకటి ప్రతిబింబాలయ్యాయి.

ఖోడద్‌లోనూ డిష్ నుంచి వచ్చిన సంకేతాన్ని లోకల్ ఆసిలేటర్ అనే యంత్రం పుట్టించే శుద్ధమైన అలతో గుణిస్తారు. మన లెక్కలో ఆ అల 610 మెగాహెర్ట్జ్ అనుకుందాం. 610 నుంచి 642 దాకా ఉన్న పట్టీ దిగివచ్చి సున్నా నుంచి 32 దాకా కూర్చుంటుంది. పైకి వెళ్ళిన రెండో ప్రతిని ఫిల్టర్ ఆపేస్తుంది. ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. 610కి కింద 578 దాకా ఉన్న పట్టీ కూడా తిరగబడి ఇదే చోటికి వచ్చి పడుతుంది. దాన్ని గుణకారానికి ముందే తీసెయ్యాలి. ఒకసారి రెండూ కలిసిపోయాక ఏది ఏదో విడదీయడం అయ్యే పని కాదు.

ఇంకో నియమం కూడా ఉంది. 30 డిష్‌ల సంకేతాలనూ గుణించే అలలన్నీ ఒకే తాళంలో ఊగాలి. ఒక డిష్‌కు వాడే అల ఫేజ్ కాస్త జరిగినా ఆ జరుగుడు నేరుగా ఫలితంలోకి దిగుతుంది. అందుకే వాటన్నిటికీ ఒకే మూల గడియారం నుంచి తాళం అందుతుంది.

సరిదిద్దడం మూడు మెట్లలో

దిగివచ్చిన 32 మెగాహెర్ట్జ్ పట్టీని అంకెలుగా మార్చాలంటే సెకనుకు కనీసం 6 కోట్ల 40 లక్షల శాంపిళ్ళు తీయాలి. అంటే 15.6 నానోసెకన్లకు ఒకటి. నానోసెకను అంటే మైక్రోసెకనులో వెయ్యో వంతు. మన ఆలస్యం 1.667 మైక్రోసెకన్లను ఈ కొలతలో చెబితే 106 శాంపిళ్ళు, మరో మూడింట రెండు వంతులు.

మొదటి మెట్టు సులువు. ముందుగా అందిన డిష్ శాంపిళ్ళను మెమరీలో 107 గడులు ఆపి ఉంచితే చాలు. గడుల లెక్కన ఆపడానికి ఫోరియర్‌తో పని లేదు.

కానీ అది 107, అసలుది 106.67. మూడింట ఒక వంతు శాంపిల్ ఎక్కువ ఆపాం. మెమరీలో మూడో వంతు గడి అంటూ ఉండదు కదా! ఇక్కడ రెండో మెట్టుగా వాలుగీత పనికొస్తుంది. మిగిలిన ఆ చిన్న తప్పు ఫ్రీక్వెన్సీల మీద ఎలా పరుచుకుంటుందో మనకు ముందే తెలుసు. పట్టీ అడుగున సున్నా డిగ్రీలు, పై అంచున 60 డిగ్రీలు, మధ్యలో సరళరేఖ. కోరిలేటర్ ఎటూ సంకేతాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడగొడుతోంది కాబట్టి, ఒక్కో ఫ్రీక్వెన్సీనీ దాని వంతు డిగ్రీలు వెనక్కి తిప్పేస్తే సరి. శాంపిళ్ళ మధ్య ఖాళీలో ఉన్న సమయానికి సంకేతాన్ని జరిపినట్టే అవుతుంది. ఇలా తిప్పకుండా వదిలేస్తే ఫలితం బలం 5 శాతం కూడా తగ్గదు, కానీ ఫేజ్ సగటున 30 డిగ్రీలు తప్పుతుంది. ఆకాశంలో వస్తువు ఎక్కడుందో చెప్పేది ఫేజే కాబట్టి ఆ తప్పును భరించలేరు.

మరి వాలుగీతకు అంత శక్తి ఉంటే, మెమరీలో ఆపడం ఎందుకు? మొత్తం 106.67 శాంపిళ్ళనూ ఫేజ్ తిప్పడంతోనే సరిచెయ్యొచ్చు కదా? సూత్రం వరకూ చూస్తే చెయ్యొచ్చు. సూత్రంలో సంకేతం అనంతమైనది. యంత్రంలో మాత్రం సంకేతాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు విడిగా ఫోరియర్ రూపం తీస్తారు. ముక్క 2048 శాంపిళ్ళు అనుకుందాం. ముక్క మీద ఫేజ్ తిప్పితే శాంపిళ్ళు ముందుకు జరుగుతాయి గానీ, ఒక చివర నుంచి బయటికి పోయినవి రెండో చివర నుంచి లోపలికి వచ్చేస్తాయి. ముక్క వలయంలా చుట్టుకుంటుంది. 107 శాంపిళ్ళ ఆలస్యమైతే ముక్కలో 5 శాతం చోట తప్పు సంకేతం కూర్చుంటుంది. మిగతా 95 శాతం సరిగ్గా సరిపోతుంది. నష్టం చిన్నదే. కానీ 25 కిలోమీటర్ల ఎడంలో ఉన్న డిష్‌ల మధ్య ఆలస్యం 83 మైక్రోసెకన్ల దాకా ఉండొచ్చు, అంటే 5 వేల శాంపిళ్ళకు పైమాటే. అప్పుడు రెండు డిష్‌ల ముక్కల్లో ఉమ్మడిగా ఉన్న సంకేతం ఒక్క శాంపిల్ కూడా ఉండదు. లేనిదాన్ని ఎంత తిప్పినా దొరకదు. అందుకే పెద్ద ఆలస్యాన్ని మెమరీతోనూ, శాంపిల్ కంటే తక్కువైన శేషాన్ని ఫేజ్‌తోనూ తీస్తారు.

డిష్ నుంచి కోరిలేటర్ దాకా వచ్చే ఆప్టికల్ ఫైబర్ వల్ల కూడా ఆలస్యం ఉంటుంది. గాజు తీగలో కాంతి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. దూరపు చేతి చివర నుంచి వచ్చే సంకేతానికి ఇది డెబ్భై మైక్రోసెకన్ల దాకా అవుతుంది. దీన్నీ లెక్కలో కలుపుకోవాలి. కాకపోతే ఇది దాదాపు స్థిరం.

పట్టీ దించాక మిగిలిపోయేది

రెండు మెట్లూ ఎక్కాక ఆలస్యం పూర్తిగా పోయింది కదా అనిపిస్తుంది. పోలేదు. వ్యవహారమంతా ఇక్కడే ఉంది.

ఆలస్యం కలిగింది ఆకాశంలో, 610 నుంచి 642 మెగాహెర్ట్జ్ మధ్య. మనం సరిదిద్దింది పట్టీని కిందికి దించిన తర్వాత, సున్నా నుంచి 32 మధ్య. పట్టీ అడుగు అంచు సంగతి చూడండి. ఆకాశంలో అది 610 మెగాహెర్ట్జ్, ఆలస్యం వల్ల 1016 పూర్తి చుట్లూ, పైన 240 డిగ్రీలూ వెనక్కి తిరిగింది. పట్టీ దిగాక అదే అంచు సున్నా ఫ్రీక్వెన్సీ అయింది. సున్నా ఫ్రీక్వెన్సీని ఎంత ఆలస్యం చేసినా ఫేజ్ మారదు. కాబట్టి మెమరీ గడులు ఆ 240 డిగ్రీలను తాకనే లేవు. పట్టీలోని మిగతా ఫ్రీక్వెన్సీలకూ ఇదే శేషం. వాలు పోయింది గానీ, గీత మొత్తం సున్నా మీద కాక 240 డిగ్రీల దూరంలో అడ్డంగా నిలిచిపోయింది.

రెండు సూత్రాలనూ వరసగా రాసి చూస్తే ఈ శేషం ఎక్కడి నుంచి వచ్చిందో తేటతెల్లమవుతుంది. ముందు ఆలస్యం, తర్వాత గుణకారం చేస్తే వచ్చేదీ, ముందు గుణకారం, తర్వాత ఆలస్యం చేస్తే వచ్చేదీ ఒకటి కావు. రెండింటికీ తేడా f₀ × τ చుట్లు. ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీని ఆలస్యంతో గుణించినంత. ఈ తేడాను తీసెయ్యడం మూడో మెట్టు.

అది స్థిరంగా ఉండేదైతే ఒకసారి తీసేసి ఊరుకోవచ్చు. కానీ భూమి తిరుగుతోంది. మన రెండు డిష్‌ల మధ్య దారి తేడా, ఖగోళ మధ్యరేఖ మీదున్న వస్తువుకైతే, సెకనుకు 6 సెంటీమీటర్ల చొప్పున మారుతూ ఉంటుంది. 610 మెగాహెర్ట్జ్ అల పొడవు 49 సెంటీమీటర్లు. అంటే ఆ శేషం ఇంచుమించు 8 సెకన్లకు ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. 16 సెకన్ల పాటు సగటు తీస్తే రెండు చుట్లు తిరిగి ఫలితం సున్నా. మెమరీలో మరో గడి మార్చాల్సిన అవసరం మాత్రం 74 సెకన్లకు గానీ రాదు. ఆలస్యం ఇంకా ఒక్క గడి కూడా మారలేదు, ఫేజ్ అప్పటికే తొమ్మిది చుట్లు తిరిగేసింది. 25 కిలోమీటర్ల దూరానికైతే ఈ తిరుగుడు సెకనుకు మూడు చుట్లు దాటుతుంది.

రేడియో ఖగోళం చదివినవాళ్ళు ఈ పనిని ఫ్రింజ్ ఆపడం అంటారు. కోరిలేటర్ ప్రతి క్షణం వస్తువు దిక్కును బట్టి ఆ శేషాన్ని ముందుగానే లెక్కగట్టి, అంతే వేగంతో ఎదురు తిప్పుతుంది. ఇది ఆలస్యం సరిదిద్దడానికి వేరైన పని. రెండూ ఒకే τ నుంచి పుట్టినా, ఒకటి వాలును తీస్తుంది, ఇంకొకటి వాలు పోయాక మిగిలిన ఎత్తును తీస్తుంది.

గీత చూసి తప్పు పట్టడం

లెక్కలన్నీ పక్కాగా ఉన్నా పరికరాల్లో చిన్న చిన్న తేడాలు వస్తాయి. ఒక ఫైబర్ మారిస్తే దాని పొడవు కొంచెం తేడా. ఒక కేబుల్ ఎండకు వేడెక్కితే కొంచెం తేడా. అందుకే అసలు పనికి ముందు, 3C 48 లేదా 3C 147 లాంటి బాగా తెలిసిన, ప్రకాశవంతమైన మూలం వైపు డిష్‌లన్నీ తిప్పి చూస్తారు. అది ఆకాశంలో చుక్కలా చిన్నది, దాని చోటు కచ్చితంగా తెలుసు. కాబట్టి అంతా సరిగ్గా ఉంటే ప్రతి జత డిష్‌లకూ ఫేజ్ గ్రాఫ్ పట్టీ అంతటా సమతలంగా రావాలి.

తెర మీద ఆ గ్రాఫ్‌లు వరసగా వస్తాయి. ఒక జతకు గీత సమతలంగా ఉంది కానీ సున్నా మీద లేదు. అది స్థిరమైన ఫేజ్ తేడా, ఒక అంకె తీసేస్తే పోతుంది. ఇంకో జతకు గీత వాలుగా ఉంది, పట్టీ ఈ చివర నుంచి ఆ చివరకు సరిగ్గా ఒక చుట్టు తిరిగింది. ఒకటిని 32 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే 31 నానోసెకన్లు. సరిగ్గా రెండు గడుల తేడా. ఒకే డిష్ ఉన్న జతలన్నిటిలోనూ ఈ వాలు కనిపిస్తే తప్పు ఆ డిష్‌దే. రెండు గడులు సరిచేస్తే గీత మళ్ళీ సమతలమవుతుంది. సరిచేశాక వాలు పోకపోగా రెట్టింపైతే గుర్తు తప్పుగా వేశామన్న మాట. కూడాల్సిన చోట తీసేశాం, లేదా తీసెయ్యాల్సిన చోట కూడాం. సూత్రంలోని ఆ చిన్న మైనస్ గుర్తు ఇలా తెర మీద తేలుతుంది.

ఇలాంటి తప్పు ఫేజ్ గ్రాఫ్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గానీ, బలం గ్రాఫ్‌లో అసలు కనిపించదు. ఆలస్యం ఏ ఫ్రీక్వెన్సీ బలాన్నీ మార్చదని మొదటే చెప్పుకున్నాం కదా. ఒక్కో ఫ్రీక్వెన్సీ విడిగా చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. పట్టీ మొత్తాన్ని సగటు తీసినప్పుడే బలం పడిపోతుంది. సగం చుట్టు వాలితే మిగిలేది 64 శాతం, పూర్తి చుట్టు వాలితే సున్నా. విడివిడిగా బాగుండి కలిపితే మాయమవుతుంటే, ముందు అనుమానించాల్సింది ఆలస్యాన్నే.

వాలు చదవడంలో ఒక చిక్కు ఉంది. తెర మీద ఫేజ్ 360 డిగ్రీలు దాటగానే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. సెకన్ల ముల్లును మాత్రమే చూసి గడియారం పది సెకన్లు వెనకుందా, డెబ్భై సెకన్లు వెనకుందా చెప్పలేం. నిమిషాల ముల్లు కూడా చూడాలి. ఇక్కడా అంతే. ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర ఫేజ్ తెలిస్తే ఆలస్యం తెలియదు, దగ్గర దగ్గరగా ఉన్న చాలా ఫ్రీక్వెన్సీలు కావాలి. వాటి మధ్య ఎడం ఎంత తక్కువైతే అంత పెద్ద ఆలస్యాన్ని తికమక లేకుండా చదవొచ్చు. పట్టీ ఎంత వెడల్పైతే అంత చిన్న ఆలస్యాన్ని కచ్చితంగా పట్టుకోవచ్చు. జీఎంఆర్‌టీని ఆధునికీకరించినప్పుడు పట్టీని 32 నుంచి 400 మెగాహెర్ట్జ్‌కు పెంచారు. ఆకాశాన్ని మరింత సున్నితంగా చూడటం కోసం చేసిన పని అది. దానితోపాటు ఆలస్యాన్ని పట్టే చూపూ పదునెక్కింది, ఆలస్యం తప్పును సహించే వీలూ అంతే తగ్గింది. 32 మెగాహెర్ట్జ్‌లో ఒక చుట్టు తిప్పడానికి 31 నానోసెకన్ల తప్పు కావాలి. 400లో రెండున్నర నానోసెకన్లు చాలు.

గీత వంగితే

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక షరతు మీద నిలబడింది. అన్ని ఫ్రీక్వెన్సీలకూ ఆలస్యం ఒకటే కావాలి. శూన్యంలో అంతే, మంచి కేబుల్‌లోనూ దాదాపు అంతే. కానీ భూమి పైన అయనోస్ఫియర్ అనే పొరలో విడి ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఆ పొరను దాటేటప్పుడు తక్కువ ఫ్రీక్వెన్సీ అలలు ఎక్కువ ఆలస్యమవుతాయి. ఫ్రీక్వెన్సీ సగమైతే ఆలస్యం నాలుగింతలు. జీఎంఆర్‌టీ చూసే 150 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఈ పొర వల్ల కలిగే ఆలస్యం 600 దగ్గరదానికి 16 రెట్లు.

రెండు డిష్‌ల పైనా ఈ పొర ఒకేలా ఉంటే తేడా తీసినప్పుడు అది కొట్టుకుపోతుంది. దూరపు డిష్‌ల పైన ఒకేలా ఉండదు. అప్పుడు ఫేజ్ గ్రాఫ్‌లో వాలుగీతకు బదులు వంపు కనిపిస్తుంది. ఏ ఒక్క ఆలస్యం విలువతోనూ ఆ వంపును సమతలం చెయ్యలేం. ఒక చివర సరిచేస్తే ఇంకో చివర తప్పుతుంది. అలాంటప్పుడు మెమరీ గడులు మార్చి లాభం లేదు, వంపుకు తగ్గ వేరే పదాన్ని లెక్కలోకి తేవాలి.

కాబట్టి ఆ తెర ముందు కూర్చున్నవాళ్ళు గీతను మూడు భాగాలుగా చదువుతారు. గీత ఎత్తు ఆసిలేటర్ల సంగతీ, పట్టీ దించాక మిగిలిన శేషం సంగతీ చెబుతుంది. దాని వాలు ఆలస్యం ఎంతో చెబుతుంది. దాని వంపు, అల దాటి వచ్చిన దారిలో ఏముందో చెబుతుంది. ఎత్తును ఒక అంకెతో, వాలును ఒక ఆలస్యంతో తీసేశాక కూడా వంపు మిగిలిందంటే లోపాన్ని డిష్‌లోనో కేబుల్‌లోనో వెతకడం మానేసి, ఆ డిష్‌ల మీదున్న ఆకాశాన్ని లెక్కగట్టడం మొదలుపెట్టాలి.